ఫొటోలోని పౌనఃపున్య పట్టిక నుంచి సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం: ప్రాజెక్టు డైరీ

చేస్తున్న పని

వర్క్‌షీట్ ఫొటో ఒకటి వస్తుంది. అందులో ఒక పౌనఃపున్య పట్టిక, దాని కింద మూడు ప్రశ్నలు ఉంటాయి: సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం కనుక్కోమని. సగటు, మధ్యగతం పదో తరగతిలోనే వచ్చేస్తాయి, ప్రామాణిక విచలనం ఇంటర్‌లో చేరుతుంది. సూత్రాలు పుస్తకంలో ఉన్నవే, చేతికి అలవాటైనవే. అయినా జవాబు తప్పుతోందంటే చాలాసార్లు కారణం సూత్రం కాదు. ఫొటోలో 7 అని ఉన్నది నోట్‌బుక్‌లోకి 1 అయి దిగుతుంది. అక్కడి నుంచి లెక్కంతా పొల్లుపోకుండా చేసినా చివరికి వచ్చేది తప్పు జవాబే.

అందుకని ఈ ప్రాజెక్టులో ఎక్కువ శ్రద్ధ ఎత్తిరాసే దశ మీదే పెట్టాం. పట్టికను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, జవాబు తీసే ముందే పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించే ఏర్పాటు చేస్తున్నాం. పరీక్షలన్నీ ఈ ఒక్క పట్టిక మీదే నడుస్తున్నాయి. 50 మంది విద్యార్థుల మార్కులు ఇవి:

| మార్కులు | విద్యార్థుల సంఖ్య |
|---|---|
| 1–10 | 4 |
| 11–20 | 7 |
| 21–30 | 12 |
| 31–40 | 15 |
| 41–50 | 8 |
| 51–60 | 4 |
| మొత్తం | 50 |

మొదటి దశ: ఫొటో, ఎత్తిరాత

కాగితాన్ని బల్ల మీద పరచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. ఏటవాలుగా తీస్తే పై వరుసలు కుంచించుకుపోతాయి. పట్టికకు గీతలు లేకపోతే ఏ తరగతికి ఏ పౌనఃపున్యమో కన్ను తడబడుతుంది. వెలుతురు పక్కనుంచి రావాలి, నెత్తి మీద బల్బు ఉంటే ఫోన్ నీడ సరిగ్గా పట్టిక మీదే పడుతుంది. మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపినప్పుడు సైజు తగ్గి అంకెల అంచులు అలుక్కుపోతుంటాయి. డాక్యుమెంటుగా పంపమని అడిగితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

తరగతులను స్ప్రెడ్‌షీట్‌లో ఒకే గడిలో `1-10` అని టైపు చేయకూడదు. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని మార్చేస్తుంది, `11-20` అని కొడితే నవంబర్ తేదీ అయి కూర్చుంటుంది. పైగా అవధులు విడివిడిగా ఉంటేనే తర్వాతి పరీక్షలు సాధ్యం. అందుకే A నిలువు వరుసలో దిగువ అవధి, B లో ఎగువ అవధి, C లో పౌనఃపున్యం, D లో మధ్య విలువ పెట్టాం. పట్టిక 2వ వరుస నుంచి 7వ వరుస దాకా ఉంటుంది.

```
D2:  =(A2+B2)/2
C8:  =SUM(C2:C7)
G2:  =SUMPRODUCT(C2:C7,D2:D7)/C8
G3:  =SQRT(SUMPRODUCT(C2:C7,(D2:D7-G2)^2)/C8)
```

G2 లో సగటు, G3 లో ప్రామాణిక విచలనం వస్తాయి. D2 సూత్రాన్ని D7 దాకా లాగాలి. ఇక్కడ `AVERAGE`, `MEDIAN`, `STDEV.P` వాడాలనిపించడం సహజమే కానీ అవి ముడి దత్తాంశం కోసం ఉన్నవి, పౌనఃపున్యాల సంగతి వాటికి తెలియదు. C నిలువు వరుస మీద `STDEV.P` పెడితే 4.03 వస్తుంది. అది 4, 7, 12, 15, 8, 4 అనే ఆరు అంకెల మధ్య విచలనం, మార్కులతో దానికి ఏ సంబంధమూ లేదు. D నిలువు వరుస మీద పెడితే 17.08 వస్తుంది, అంటే ఒక్కో తరగతిలో ఒక్కో విద్యార్థే ఉన్నట్టు లెక్క. అసలు జవాబు 13.44.

రెండో దశ: చేతి లెక్క

స్ప్రెడ్‌షీట్ జవాబును నమ్మాలంటే చేత్తో చేసిన లెక్క ఒకటి పక్కన ఉండాలి. సోపాన విచలన పద్ధతిలో ఇది అయిదు నిమిషాల పని. ఊహించిన సగటు A = 35.5, తరగతి పొడవు h = 10 తీసుకుంటే u విలువలు −3, −2, −1, 0, 1, 2 అవుతాయి.

fu విలువలు వరుసగా −12, −14, −12, 0, 8, 8. మొత్తం −22. సగటు 35.5 + 10 × (−22/50) = 31.1.

fu² విలువలు 36, 28, 12, 0, 8, 16. మొత్తం 100. విస్తృతి 100 × (100/50 − 0.44²) = 180.64. దాని వర్గమూలం 13.44, అదే ప్రామాణిక విచలనం.

మధ్యగతానికి సంచిత పౌనఃపున్యాలు కావాలి: 4, 11, 23, 38, 46, 50. N/2 = 25. 23 దాటి 38 లోపు పడింది కాబట్టి మధ్యగత తరగతి 31–40. దాని దిగువ హద్దు 30.5. మధ్యగతం 30.5 + (25 − 23)/15 × 10 = 31.83.

చేతి లెక్క సరిచూసుకోవడానికి చార్లియర్ తనిఖీ ఉంది. స్వీడన్ ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ చార్లియర్ పేరుతో వాడుకలో ఉన్న పద్ధతి ఇది. u బదులు u + 1 పెట్టి Σf(u+1)² విడిగా లెక్కగట్టాలి. అది Σfu² + 2Σfu + Σf కి సమానం కావాలి. మన పట్టికలో u + 1 విలువలు −2, −1, 0, 1, 2, 3. వాటి వర్గాలను f తో గుణిస్తే 16, 7, 0, 15, 32, 36, మొత్తం 106. అటువైపు 100 − 44 + 50, అదీ 106. గుర్తు పొరపాటో, వర్గం తప్పడమో, కూడికలో ఒకటి జారడమో జరిగితే ఈ రెండూ కలవవు. ఇంత చిన్న లెక్కకు ఇంత గట్టి కాపలా అరుదు, పాఠ్యపుస్తకాల్లో దీనికి మరింత చోటు ఉండాల్సింది. కాకపోతే ఇది కాసేది లెక్కను మాత్రమే. పట్టికే తప్పుగా ఎత్తిరాస్తే ఆ తప్పు పట్టిక మీద కూడా రెండు వైపులా ఒకే సంఖ్య వస్తుంది.

మూడో దశ: అంకె మారితే ఏమవుతుంది

ఒక్కో అంకెను కావాలనే తప్పుగా ఎక్కించి మూడు జవాబులూ ఎంతెంత కదులుతాయో చూశాం. మొదటిది, రెండో వరుసలో 7 బదులు 1. అడ్డగీత సన్నగా ఉన్న ముద్రణలో ఇది సాధారణంగా జరిగేదే.

సగటు 33.23, మధ్యగతం 33.83, ప్రామాణిక విచలనం 12.94 వచ్చాయి. చూడ్డానికి అన్నీ నమ్మదగిన సంఖ్యలే. సగటు, మధ్యగతం దగ్గరదగ్గరగా ఉన్నాయి, విచలనం వింతగా ఏమీ లేదు. జవాబును చూసి తప్పు పట్టుకునే దారి ఇక్కడ లేదు. పట్టుబడేది మొత్తం దగ్గర: C8 లో 50 రావాల్సిన చోట 44 వచ్చింది. ఆ తేడా ఎంతో చూస్తే తప్పు ఎక్కడుందో కూడా దాదాపు తెలిసిపోతుంది. 6 తగ్గిందంటే 7 ని 1 గా గానీ, 6 ని 0 గా గానీ చదివి ఉండాలి. ఎత్తిరాసిన పట్టికలో ఒక్క అంకెగా 1 ఉన్నది రెండో వరుసలోనే. ఫొటోలో ఆ ఒక్క గడినే పెద్దది చేసి చూస్తే చాలు. అదే తేడా 5 అయితే 8 కీ 3 కీ మధ్య, 9 కీ 4 కీ మధ్య వెతకాలి.

మొత్తం కలిసిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మూడో వరుసలో 12 బదులు 17, అయిదో వరుసలో 8 బదులు 3 పెట్టి చూశాం. ఒకటి 5 పెంచింది, ఇంకొకటి 5 తగ్గించింది. మొత్తం 50 అలాగే ఉంది. సగటు మాత్రం 29.1 కి, మధ్యగతం 28.74 కి, విచలనం 12.61 కి మారిపోయాయి. మధ్యగత తరగతి కూడా 21–30 కి జారింది. దీన్ని పట్టుకోవాలంటే వర్క్‌షీట్‌లో సంచిత పౌనఃపున్యాల వరుస అచ్చయి ఉండాలి, అప్పుడు పక్కపక్క విలువల తేడాలు C తో కలుస్తున్నాయో లేదో చూడొచ్చు. అది లేనప్పుడు ఇంకొకరు విడిగా ఎత్తిరాసి రెండు ప్రతులను పోల్చడమే మార్గం. మొదటివాళ్లు రాసింది చూస్తూ చదివితే ప్రయోజనం ఉండదు, కన్ను అదే తప్పును మళ్లీ ఒప్పుకుంటుంది.

మూడో రకం అన్నిటికంటే మోసకారి: వరుస జారడం. పౌనఃపున్యాలు అన్నీ ఒక్కో గడి కిందికి దిగి, మొదటి 4 వెళ్లి 11–20 పక్కన, చివరి 4 వెళ్లి పట్టికలో లేని 61–70 పక్కన చేరితే సగటు 41.1, మధ్యగతం 41.83 అవుతాయి. రెండూ సరిగ్గా ఒక తరగతి పొడవు, అంటే 10 పెరిగాయి. ప్రామాణిక విచలనం మాత్రం 13.44 దగ్గరే ఉంది. అన్ని విలువలకూ ఒకే సంఖ్య కలిపితే సగటు జరుగుతుంది, వాటి మధ్య దూరాలు మారవు. కాబట్టి జవాబుల పట్టికతో పోల్చినప్పుడు విచలనం సరిపోయి, సగటు, మధ్యగతం రెండూ కచ్చితంగా h అంత తేడాగా ఉంటే లెక్క మళ్లీ చేయనక్కర్లేదు. వరుస జారిందన్నమాట. షీట్‌లో దీనికి గుర్తు ఒక చివర ఖాళీ గడి, ఇంకో చివర వర్క్‌షీట్‌లో లేని తరగతి పక్కన పౌనఃపున్యం.

నాలుగో దశ: అవధులు, హద్దులు

1–10, 11–20 అని ఉన్న పట్టికలో తరగతుల మధ్య 1 ఖాళీ ఉంది. 0–10, 10–20 అని ఉంటే ఆ ఖాళీ సున్నా. ఈ తేడాను షీట్ తనే కనుక్కునేలా పెట్టాం:

```
E3:  =A3-B2
```

దీన్ని E7 దాకా లాగితే అన్ని గడుల్లోనూ ఒకే సంఖ్య రావాలి. మన పట్టికలో అన్నీ 1. ఎవరైనా 31–40 ని 31–46 గా ఎక్కిస్తే తర్వాతి గడిలో −5 కనిపిస్తుంది. అలా అవధుల ఎత్తిరాత కూడా ఇక్కడే పరీక్షకు వస్తుంది. ఈ ఖాళీలో సగం దిగువ అవధి నుంచి తీసేస్తే దిగువ హద్దు. తరగతి పొడవుకు `B2-A2` కి ఈ ఖాళీ కలపాలి, అంటే 9 + 1 = 10.

హద్దులు మార్చకపోయినా మధ్య విలువలు మారవు. 1, 10 ల సగటు 5.5, అలాగే 0.5, 10.5 ల సగటు కూడా 5.5. అందుకే హద్దుల తప్పు సగటును, విచలనాన్ని తాకదు, మధ్యగతాన్ని మాత్రమే పాడుచేస్తుంది. 30.5 బదులు 31 వాడితే మధ్యగతం 32.33 వస్తుంది. 31 తో పాటు h ని కూడా 9 అనుకుంటే 32.2. జవాబు 31.83 అని ఉండి, మీకు ఈ రెండిట్లో ఒకటి వచ్చిందంటే మిగతా లెక్క తిరగేయకుండా నేరుగా హద్దు దగ్గరికే వెళ్లండి. సోపాన విచలన పద్ధతిలో h ని 9 గా పెట్టినప్పుడు మాత్రం సగటుకూ దెబ్బ తగులుతుంది: సగటు 31.54, విచలనం 12.10.

అయిదో దశ: రౌండింగ్, భాజకం

ప్రామాణిక విచలనానికి రెండు దారులు ఉన్నాయి. ప్రతి విలువ నుంచి సగటు తీసేసి వర్గం చేయడం ఒకటి, Σfx²/N నుంచి సగటు వర్గం తీసేయడం ఇంకొకటి. బీజగణితంలో రెండూ ఒకటే. సగటును ముందే గుండ్రం చేసినప్పుడు మాత్రం వేరువేరుగా ప్రవర్తిస్తాయి.

మన పట్టికలో Σfx²/N = 1147.85. సగటును 31.1 గా ఉంచి 31.1² తీసేస్తే 180.64. అదే సగటును 31 చేసి 961 తీసేస్తే 186.85, విచలనం 13.67 కి ఎగబాకుతుంది. సగటులో 0.1 వదిలేసినందుకు విచలనంలో 0.23 తేడా వచ్చింది. మొదటి దారిలో అదే 31 వాడితే విస్తృతి 180.65 మాత్రమే అవుతుంది, విచలనం రెండు దశాంశాల దాకా మారనే మారదు. ఆ దారిలో వచ్చే తప్పు 0.1 వర్గం, అంటే 0.01. రెండో దారిలో తప్పు 0.1 ని సగటుకు సుమారు రెట్టింపుతో గుణించినంత ఉంటుంది. షీట్ సూత్రంలో మొదటి దారి ఎంచుకున్నది ఇందుకే. చేత్తో రెండో దారిలో చేసేవాళ్లు సగటును కనీసం నాలుగు దశాంశాల దాకా ఉంచుకోవాలి, లేదంటే భిన్నంగానే వదిలేయాలి.

భాజకం విషయం క్లుప్తంగా. మన ఇంటర్ పాఠంలో భాగించేది N తోనే. క్యాలిక్యులేటర్‌లో దానికి మీట σx, కొన్ని పాత మోడళ్లలో σn. పక్కనే ఉండే sx లేదా σn-1 నొక్కితే N − 1 తో భాగించి 13.58 చూపిస్తుంది. 13.44 కీ 13.58 కీ ఉన్న తేడా చిన్నదే కాబట్టి చాలామంది దాన్ని రౌండింగ్ ఖాతాలో వేసేస్తారు. కాదు, అది వేరే సూత్రం. 13.44 ని √(50/49) తో గుణించి చూడండి, 13.58 వస్తే కారణం తేలినట్టే.

ఆరో దశ: మరక పడిన గడి

ఫొటోలో ఒక అంకె అసలే కనిపించని సందర్భం ఇది. మొత్తం కనిపిస్తుంటే మిగతావి తీసేస్తే సరిపోతుంది. మొత్తం కూడా ఫ్రేములోంచి తెగిపోయి, వర్క్‌షీట్ చివర జవాబుల్లో సగటు 31.1 అని మాత్రం ఉందనుకుందాం. 21–30 పక్కన పౌనఃపున్యం f అనుకుంటే, మిగతా వరుసల fu మొత్తం −10, మిగతా పౌనఃపున్యాల మొత్తం 38. సగటు 31.1 అంటే u ల సగటు −0.44. అప్పుడు

(−10 − f)/(38 + f) = −0.44

దీన్ని సాధిస్తే 0.56f = 6.72, f = 12. పూర్ణసంఖ్య వచ్చింది కాబట్టి మిగతా అంకెలు కూడా సరిగ్గా ఎత్తిరాశామన్న నమ్మకం దొరుకుతుంది.

జవాబుల్లో సగటును 31 గా గుండ్రం చేసి ఇస్తే ఈ పద్ధతి బలహీనపడుతుంది. అదే సమీకరణంలో −0.45 పెడితే f = 12.9 వస్తుంది. దాన్ని 13 అని రాసేయాలనిపిస్తుంది, కానీ అసలు అంకె 12. 31 అని గుండ్రం చేసిన సగటు నిజానికి 30.5 నుంచి 31.5 లోపు ఏదైనా కావచ్చు. ఆ రెండు చివరలూ పెట్టి సాధిస్తే f 9 నుంచి 18 దాకా ఏదైనా సరిపోతుందని తేలింది. అప్పుడు రెండో ఆధారం కావాలి: మధ్యగతమో, విచలనమో. మధ్యగతం 31.83 అని ఇచ్చి ఉంటే N/2 = (38 + f)/2, ముందు తరగతి దాకా సంచితం 11 + f. సూత్రంలో పెడితే f = 12 దగ్గరే నిలుస్తుంది. ఏ ఆధారమూ లేకపోతే ఊహించి రాయకూడదు, ఆ గడి ఫొటో మళ్లీ తెప్పించాలి.

ఏడో దశ: పట్టిక రకం మారినప్పుడు

ఇప్పుడు షీట్‌కు చేరుస్తున్నది పట్టిక రకం పరీక్ష. "10 కంటే తక్కువ", "20 కంటే తక్కువ" అని వరుసలు ఉంటే పక్కన ఉన్నవి పౌనఃపున్యాలు కావు, సంచిత పౌనఃపున్యాలు. ఫొటోలో ఎడమ అంచు తెగితే ఆ మాటలు కనిపించకుండా పోయి 4, 11, 23, 38, 46, 50 మాత్రమే మిగులుతాయి. వాటినే f అనుకుంటే మొత్తం 172 వస్తుంది. అంకెలు ఎక్కడా తగ్గకుండా పెరుగుతూ పోయి, చివరిది ప్రశ్నలో చెప్పిన విద్యార్థుల సంఖ్యతో సమానమైతే షీట్ ఆ వరుసను ఎర్రగా చూపించేలా పెడుతున్నాం. పక్కపక్కవి తీసివేసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

తరగతులే లేకుండా x, f మాత్రమే ఉన్న పట్టికకు హద్దుల గొడవ లేదు. N సరిసంఖ్య అయితే మధ్యలోని రెండు విలువల సగటు తీసుకోవాలి, అంతే.

ఇంకా తేలనిది చివర తెరిచి ఉన్న తరగతి. "51, అంతకంటే ఎక్కువ" అని ఉన్నప్పుడు దానికి మధ్య విలువ లేదు. మధ్యగతానికి దానితో పని లేదు, మన పట్టికలో 31–40 దగ్గరే తేలిపోతుంది కాబట్టి 31.83 అలాగే వస్తుంది. సగటుకూ విచలనానికీ మాత్రం ఆ తరగతి పొడవును ఊహించక తప్పదు. పక్క తరగతులంత, అంటే 10 అనుకుంటే పాత జవాబులే వస్తాయి. అదే 51 నుంచి 100 దాకా అనుకుంటే మధ్య విలువ 75.5 అవుతుంది. నలుగురికీ తలా 20 పెరిగి సగటు 32.7 కి, విచలనం 16.98 కి వెళ్తాయి. అందుకని తెరిచి ఉన్న తరగతి కనిపిస్తే షీట్ మధ్యగతం మాత్రమే చూపిస్తుంది. ఆ తరగతికి ఏ పొడవు తీసుకున్నారో పక్క గడిలో రాసే దాకా G2, G3 ఖాళీగానే ఉంటాయి.